+3 చూపిన వాచీ కన్నా −18 చూపిన వాచీ ఎందుకు మేలు

ప్రశ్న: పాత హెచ్‌ఎంటీ వాచీ ఒకటి కొందామనుకుంటున్నాను. రెండు చూశాను. రెండూ కీ ఇచ్చేవే, రెండింటిలోనూ 0231 మెషీనే ఉందని చెప్పారు. మొదటిది పైలట్, 4,800 రూపాయలు. కొత్తగా సర్వీసు చేయించామంటూ టైమ్‌గ్రాఫర్ తెర ఫోటో ఒకటి పంపారు. అందులో +3 s/d, 194°, 0.2 ms అని ఉంది. రెండోది జనతా, 3,500 రూపాయలు. అమ్మేది ఒక వాచీ మెకానిక్. కిందటేడాది తానే శుభ్రం చేసి నూనె వేశానన్నారు. ఆయన పంపిన కాగితం మీద మూడు వరుసలున్నాయి: CH −18, 268, 1.1, CB −15, 262, 1.0, 9H −31, 236, 1.3. రోజుకు మూడు సెకన్లే తేడా ఉన్న మొదటిదే మంచిదని నాకనిపిస్తోంది. కాకపోతే ఆ తెర మీద దాని గీత కొంచెం అలలాగా ఉంది. ఈ అంకెలు ఎలా చదవాలి? ఏది కొనాలి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: జనతా తీసుకోండి. అది కూడా కింద చెప్పిన ఒకటి రెండు విషయాలు అడిగాకే. పైలట్‌ను మాత్రం ఆ ధరకు, ఆ ఒక్క ఫోటో చూసి కొనవద్దు.

టైమ్‌గ్రాఫర్ అంటే వాచీ చప్పుడు విని దాని నడక చెప్పే యంత్రం. అది వరుసగా మూడు అంకెలు చూపిస్తుంది: రోజుకు ఎన్ని సెకన్ల తేడానో చెప్పే రేటు, లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చెప్పే యాంప్లిట్యూడ్, టిక్కు టాక్కుల మధ్య అసమానత చెప్పే బీట్ ఎర్రర్. మీ దృష్టి +3 మీద పడింది. అందరి దృష్టీ అక్కడే పడుతుంది, అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలుసు. వాచీ వెనక మూత తీస్తే బ్యాలెన్స్ చక్రం మీద రెగ్యులేటర్ అనే చిన్న ముల్లు కనిపిస్తుంది. దాన్ని ఒక వైపు వెంట్రుకవాసి జరిపితే వాచీ వేగం పెరుగుతుంది, రెండో వైపు జరిపితే తగ్గుతుంది. చేయి తిరిగినవాడికి ఇది రెండు నిమిషాల పని. నూనె ఎండిపోయిన వాచీనైనా, ఇరుసులు అరిగిన వాచీనైనా డయల్ పైకి పెట్టి, టైమ్‌గ్రాఫర్ మీదే ఉంచి, ఆ ముల్లును జరుపుతూ పోతే ఏదో ఒక చోట +3 వస్తుంది. అక్కడ ఫోటో తీయవచ్చు. అంటే మూడు అంకెల్లోనూ తేలిగ్గా అందంగా చూపించగలిగేది రేటే. యాంప్లిట్యూడ్ అలా కాదు. దాన్ని పెంచాలంటే వాచీని పూర్తిగా విప్పాలి, కడగాలి, నూనె వేయాలి, అరిగిన భాగాలు మార్చాలి. అందుకే కొనేవాళ్లు ముందు యాంప్లిట్యూడ్ చూడాలి, తర్వాత వాచీని పెట్టే భంగిమల, అంటే పొజిషన్ల మధ్య తేడా చూడాలి, రేటు చివర చూడాలి. మీరు చదివిన వరుస సరిగ్గా దీనికి తిరగబడి ఉంది.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో కొంచెం తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. టైమ్‌గ్రాఫర్‌లో ఉండేది ఒక మైకు, కచ్చితమైన ఒక క్వార్ట్జ్ గడియారం, కొంత లెక్క. మీ 0231 మెషీన్ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు సార్లు. మన చెవికి ఒక్క టిక్కుగా వినిపించేదాని లోపల నిజానికి మూడు శబ్దాలుంటాయి. బ్యాలెన్స్ చక్రం అడుగున ఉన్న చిన్న రాయి వచ్చి, ఎస్కేప్ వీల్ అనే పళ్ల చక్రాన్ని ఆపుతూ వదులుతూ ఉండే ప్యాలెట్ ఫోర్క్‌ను తాకడం మొదటిది. ఎస్కేప్ వీల్ పన్ను ఫోర్క్ రాతిని తోయడం రెండోది. ఆ తోపు అయిపోయాక ఇంకో పన్ను అవతలి రాతి మీద పడి ఆగడం మూడోది. ఈ మూడింటికీ కలిపి పట్టేది సెకనులో వందో వంతుకు కాస్త అటూ ఇటూ.

వచ్చిన టిక్కులను తన గడియారంతో పోల్చి యంత్రం రేటు చెబుతుంది. టిక్కుకూ టాక్కూ మధ్య వ్యవధి, టాక్కూ మళ్లీ టిక్కుకూ మధ్య వ్యవధి సమానంగా లేకపోతే ఆ తేడాను బీట్ ఎర్రర్‌గా చూపిస్తుంది. ఈ రెండూ నేరుగా కొలిచేవి. యాంప్లిట్యూడ్ మాత్రం ఊహించి కట్టే లెక్క. బ్యాలెన్స్ చక్రం నడిమధ్య నుంచి ఒక వైపుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో యంత్రానికి కనబడదు. అది మొదటి శబ్దానికీ మూడో శబ్దానికీ మధ్య కాలాన్ని కొలుస్తుంది. ఆ కాలంలో చక్రం దాటే కోణం ఒక మెషీన్‌కు స్థిరంగా ఉంటుంది. దాన్నే లిఫ్ట్ యాంగిల్ అంటారు. ఉయ్యాల ఎంత ఎత్తుకు ఊగితే మధ్యలో అంత జోరుగా పోతుంది కదా, ఇదీ అంతే. ఎక్కువ తిరిగే చక్రం ఆ కోణాన్ని తక్కువ కాలంలో దాటుతుంది. లిఫ్ట్ యాంగిల్ 52 డిగ్రీలనుకుంటే, మీ జనతాకు 268 రావాలంటే ఆ వ్యవధి సుమారు 12.4 మిల్లీసెకన్లుండాలి. పైలట్‌కు 194 వచ్చిందంటే సుమారు 17.1 మిల్లీసెకన్లు పట్టిందన్నమాట.

ఇప్పుడు 194 సంగతి. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి కొలిచినప్పుడు ఇలాంటి పాత 18,000 బీట్ల వాచీ 250 దాటితే బాగున్నట్టు, 270 దాటితే చాలా బాగున్నట్టు. 220, 230 అంటే పనిచేస్తుంది కానీ సర్వీసుకు దగ్గరపడుతోంది. 200 కిందికి దిగితే లోపల ఏదో బలాన్ని తినేస్తోందని అర్థం. డయల్ పైకి ఉన్నప్పుడు బ్యాలెన్స్ ఇరుసు కొన ఒక్కటే రాతి మీద ఆనుతుంది కాబట్టి రాపిడి అతి తక్కువ. అంటే పైలట్‌కు అన్నిటికన్నా అనుకూలమైన స్థితిలో వచ్చింది 194. అదే వాచీని నిలబెట్టి కొలిస్తే ఇంకో 20, 30 డిగ్రీలు తగ్గుతుంది. చేతికి పెట్టుకున్నాక వాచీ చాలాసేపు అలాంటి భంగిమల్లోనే ఉంటుంది. తెల్లారేసరికి, కీ ఇస్తే చుట్టుకునే మెయిన్ స్ప్రింగు సగం విప్పుకున్నాక ఇంకా తగ్గుతుంది. అంత తక్కువ ఊపులో చిన్న కుదుపు తగిలినా రేటు చెదిరిపోతుంది. ఫోటోలోని +3 మీ మణికట్టు మీద నిలిచే అంకె కాదు.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం 194 పక్కన ఉన్న 'కొత్తగా సర్వీసు' అన్న మాట. సర్వీసు చేయని వాచీలో 194 కనిపిస్తే నేను అంతగా బెంగపడను. నూనె ఎండిపోయి ఉంటుంది, కడిగి నూనె వేస్తే 60, 70 డిగ్రీలు తిరిగి రావడం మామూలే. కొత్తగా సర్వీసు చేశాక కూడా 194 దగ్గరే ఉందంటే మూడింటిలో ఒకటి. ఫోటో తీసేటప్పుడు కీ పూర్తిగా ఇవ్వలేదు. లేదా సర్వీసు పేరుతో మెషీన్ విప్పకుండానే పైపైన నూనె చుక్కలు వేశారు. లేదా నిజంగానే సర్వీసు చేశారు, అయినా నూనెతో తీరని జబ్బు లోపల ఉంది: సత్తువ పోయిన మెయిన్ స్ప్రింగు, అరిగిన ఇరుసు, చక్రాల మధ్య పట్టు. మొదటిదైతే నష్టం లేదు. రెండోదైతే సర్వీసు ఖర్చు మీ మీద పడుతుంది. మూడోదైతే భాగాల వేట మొదలవుతుంది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించాక కొత్త భాగాలకు దారి మూసుకుపోయింది. ఇప్పుడు భాగం కావాలంటే పాత నిల్వల్లో దొరకాలి, లేదా ఇంకో పాత వాచీని విప్పాలి.

అలలాగా ఉందన్న ఆ గీత మూడో అనుమానానికే కొంత బలమిస్తోంది. మంచి వాచీ గీత ఏటవాలుగా ఉన్నా సరే, నూలు పట్టినట్టు తిన్నగా పోతుంది. గీత పైకి లేస్తుంటే వాచీ ముందుకు పోతోంది, కిందికి దిగుతుంటే వెనకబడుతోంది. ఆ వాలు రెగ్యులేటర్ విషయం. గీత ఒక క్రమంలో ఎగసి దిగుతుంటే మాత్రం తిరిగే చక్రాల్లో ఏదో ఒకటి ప్రతి చుట్టులోనూ ఒకే చోట తడబడుతోందన్నమాట. ఏ చక్రమో అల వ్యవధి చెబుతుంది. ఇలాంటి మెషీన్లలో ఎస్కేప్ వీల్‌కు సాధారణంగా 15 పళ్లుంటాయి. ఒక్కో పన్ను రెండు బీట్లు ఇస్తుంది కాబట్టి ఒక చుట్టుకు 30 బీట్లు, సెకనుకు ఐదు చొప్పున 6 సెకన్లు. అల ప్రతి 6 సెకన్లకు తిరిగి వస్తుంటే ఎస్కేప్ వీల్‌ను అనుమానించాలి: వంగిన ఇరుసో, ఒక పంటికి అంటిన మురికో. నిమిషానికోసారి వస్తుంటే సెకన్ల ముల్లును తిప్పే చక్రాన్ని చూడాలి. నిలిచిపోయిన ఫోటోలో ఈ వ్యవధి తేలదు. గీత పడుతుండగా తీసిన రెండు నిమిషాల వీడియో అడిగితే చేతిలో ఉన్న గడియారంతో మీరే లెక్కపెట్టవచ్చు. అలకూ, చుక్కలు ఇసుక చల్లినట్టు చెదిరిపోవడానికీ తేడా గమనించండి. చెదరడం మురికి వల్ల కావచ్చు, మైకులో వాచీ సరిగా బిగియకపోవడం వల్ల కావచ్చు, పక్కన తిరుగుతున్న ఫ్యాను చప్పుడు వల్ల కూడా కావచ్చు. చెదిరిన గీత చూసి వాచీని తిట్టేముందు ఇంకోసారి కొలవమనడం న్యాయం.

ఇక జనతా కాగితం. ఇలా పొజిషన్ వారీగా వరుసలు వేసి పంపే అమ్మకందారు అరుదు. ఆ అక్షరాలు ఫ్రెంచి నుంచి వచ్చినవి, స్విస్ యంత్రాలు వాడతాయి. CH అంటే డయల్ పైకి, CB అంటే డయల్ కిందికి. 9H అంటే 9 అంకె పైకి ఉండేలా వాచీని నిలబెట్టడం. అప్పుడు 3 దగ్గరున్న కీ పుల్ల నేల వైపు ఉంటుంది. 6H అని కనిపిస్తే 6 పైకి, కీ పుల్ల ఎడమకు.

మొదట CH, CB పక్కపక్కన పెట్టి చూడండి. 268, 262. రేటు −18, −15. డయల్ పైకి ఉన్నప్పుడు బ్యాలెన్స్ చక్రం ఇరుసుకు ఒక కొన మీద, తలకిందులుగా పెట్టినప్పుడు రెండో కొన మీద నిలుస్తుంది. ఒక కొన చదునుగా అరిగినా, ఒక వైపు రాయి పగిలినా, ఒక వైపే నూనె ఎండినా ఈ రెండు వరుసలు విడిపోతాయి. 270, 225 లాంటి జంట కనిపిస్తే ఆ ఇరుసును భూతద్దంతో చూడాల్సిందే. మీ కాగితంలో తేడా 6 డిగ్రీలు, 3 సెకన్లు. రెండు కొనలూ ఆరోగ్యంగా ఉన్నాయని ఇంతకన్నా తేటగా చెప్పే మాట దొరకదు. ఒక్క డయల్ పైకి ఉన్న ఫోటోతో సరిపెట్టే అమ్మకందారు మీకు దాచేది సరిగ్గా ఈ సమాచారమే. తెలిసి దాస్తాడని అనడం లేదు, కానీ దాగిపోతుంది.

9H లో 236కి తగ్గింది. నిలబెట్టినప్పుడు ఇరుసులు రెండూ రంధ్రాల పక్కగోడల మీద పడుకుంటాయి, రాపిడి పెరుగుతుంది. 268 నుంచి 236, అంటే 32 డిగ్రీలు తగ్గడం మామూలే. 60 తగ్గితే ఆలోచించాలి. రేటు −31కి దిగడం కూడా బెదిరించేది కాదు. మూడింటి సగటు సుమారు −21. రెగ్యులేటర్‌ను జరిపి అన్నిటినీ ఓ 25 సెకన్లు పైకి లేపితే వరుసగా +7, +10, −6 అవుతాయి. పగలు చేతికి ఉన్నప్పుడు కొంచెం వెనకబడుతుంది, రాత్రి బల్ల మీద డయల్ పైకి పెడితే కొంచెం ముందుకు పోతుంది. రెండూ కొంతవరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. దశాబ్దాల నాటి వాచీ రోజుకు పది సెకన్లలోపు తేడాతో నడిస్తే ఎవరైనా సంతోషించాలి. మీరు భయపడిన −18కి మందు ఆ రెండు నిమిషాల పనే. అమ్మే ఆయన మెకానిక్ అయ్యుండి కూడా దాన్ని సరిచేయకుండా ఉన్నదున్నట్టు పంపారంటే, నాకు ఆయన మీద నమ్మకం పెరిగింది.

పొజిషన్ల మధ్య తేడా మాత్రం రెగ్యులేటర్‌తో పోదు. ఇప్పుడు ఎక్కువకూ తక్కువకూ మధ్య 16 సెకన్లుంది, జరిపాక కూడా 16 సెకన్లే ఉంటుంది. అందుకే ఆ తేడా వాచీ గుణం, సగటు రేటు ఎవరో పెట్టిన అమరిక. ఈ తేడా 20 లోపు ఉంటే ఇలాంటి వాచీకి బాగున్నట్టే లెక్క. 40, 50 దాటితే బ్యాలెన్స్‌ను వెనక్కి లాగే సన్నటి హెయిర్ స్ప్రింగు వంకర పోయిందో, బ్యాలెన్స్ చక్రం ఒక వైపు బరువుగా ఉందో చూడాలి. ఆ పని చేయగల చేతులు ఇప్పుడు తక్కువ.

బీట్ ఎర్రర్ 1.1 చూసి మీరు జంకి ఉంటారు, ముఖ్యంగా పక్కన 0.2 ఉన్నప్పుడు. తెర మీద దీన్ని గుర్తుపట్టడం సులువు. టిక్కులకొక గీత, టాక్కులకొక గీత పడుతుంది. బీట్ ఎర్రర్ ఉంటే రెండూ రైలు పట్టాల్లా ఎడంగా పోతాయి, లేకపోతే ఒక్కటైపోతాయి. బ్యాలెన్స్ ఆగి నిలిచినప్పుడు దాని రాయి ఫోర్క్‌కు నట్టనడుమ ఉండకుండా కాస్త పక్కకు ఉండటమే దీనికి కారణం. ఇది అరుగుదల కాదు, అమరికలో లోపం. 0.5 లోపు చక్కటి పని, 1 దగ్గర పాత వాచీలో సర్దుకుపోదగింది, 2 దాటితే బేరంలో ఎత్తిచూపదగింది. వాచీ పూర్తిగా ఆగిపోయాక దానంతట అది మళ్లీ కదలడానికి మొరాయించడం దీనివల్ల కలిగే నిత్య ఇబ్బంది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు మీరే పరీక్షించవచ్చు. ఆగిపోయి ఉన్న వాచీకి ఊపకుండా రెండు మూడు చుట్లు కీ తిప్పండి. సెకన్ల ముల్లు తనంతట కదిలితే 1.1 గురించి మరచిపోవచ్చు.

దాన్ని సున్నా చేయించాలని పట్టుబట్టకండి. హెయిర్ స్ప్రింగు బయటి చివరను పట్టి ఉంచే ముక్క కదిలే రకమైతే కాస్త జరిపితే చాలు. కదలని రకమైతే బ్యాలెన్స్‌ను బయటికి తీసి, స్ప్రింగు లోపలి చివర ఉన్న ఉంగరాన్ని ఇరుసు చుట్టూ తిప్పి, మళ్లీ పెట్టి చూసి, మళ్లీ తీయాలి. ప్రతిసారీ ఆ సన్నటి స్ప్రింగు వంగే ప్రమాదం ఉంది. పైగా 1.1 ఉన్నా 268 డిగ్రీలు తిరుగుతున్న బ్యాలెన్స్‌ను ఎందుకు కదపాలి? తర్వాతి సర్వీసులో ఎలాగూ బయటికి వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు. మూడు పొజిషన్లలో అది 1.0, 1.1, 1.3 గా దాదాపు ఒకేలా ఉండటం కూడా మంచిదే. ఒక చోట 0.3, ఇంకో చోట 2.5 అని గంతులేస్తే అప్పుడది అమరిక దోషంగా సరిపెట్టుకోలేం.

లిఫ్ట్ యాంగిల్ దగ్గర ఒక పేచీ ఉంది. చాలా యంత్రాలు ఆన్ చేయగానే 52 డిగ్రీలకు సిద్ధంగా ఉంటాయి. చాలామంది దాన్ని ముట్టుకోరు. మీ మెషీన్ అసలు కోణం 49 అనుకుందాం. అప్పుడు యంత్రం 268 అన్నది నిజానికి 253, 194 అన్నది 183. యాంప్లిట్యూడ్ ఈ కోణానికి సమంగా పెరుగుతుంది, తగ్గుతుంది. రెండు వాచీల్లోనూ ఒకే మెషీన్, రెండు యంత్రాలూ ఒకే కోణం మీద కొలిచి ఉంటే, పోలిక ఎలాగూ చెడదు. మొదటిది వెనకబడే ఉంటుంది. కానీ పైలట్ ఫోటోలో 52 కాకుండా ఇంకేదైనా ఉందేమో, జనతా కాగితం మీద ఏముందో ఒకసారి చూడండి. వేరే మెషీన్లలో ఈ పొరపాటు చాలా దూరం పోతుంది. ఒమేగా కోయాక్సియల్ 2500 కు ఈ కోణం 38. దాన్ని 52 మీద పెట్టి కొలిస్తే యాంప్లిట్యూడ్ మూడో వంతుకు పైగా ఎక్కువ కనిపిస్తుంది, జబ్బుపడ్డ వాచీ పహిల్వానులా కనిపిస్తుంది.

ఈ కోణం మీద అనుమానం ఉంటే తీర్చుకునే దారి మెకానిక్కులకు తెలుసు, మూత తీసి ఇచ్చే అమ్మకందారు దగ్గర మీరూ చేయవచ్చు. బ్యాలెన్స్ చక్రం సరిగ్గా 180 డిగ్రీలు తిరుగుతుంటే, అది ఎడమకు వెళ్లి ఆగే చోటు, కుడికి వెళ్లి ఆగే చోటు ఒక్కటే అవుతుంది. ఆగిన వాచీకి కొంచెం కొంచెంగా కీ ఇస్తూ, ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తూ పోతే, చక్రం మీది ఏదో ఒక గుర్తు రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే చోట ఆగే క్షణం దొరుకుతుంది. ఆ క్షణంలో టైమ్‌గ్రాఫర్ 180 చూపేవరకు లిఫ్ట్ యాంగిల్ మార్చాలి. వచ్చిన అంకె ఆ మెషీన్ అసలు కోణం, దాదాపుగా.

అంకె ఎక్కువైతే అంతా బాగున్నట్టేనా అంటే కాదు. 330 దరిదాపుల్లోకి వెళ్తే బ్యాలెన్స్ రాయి చుట్టు తిరిగి ఫోర్క్ వెనక వైపు తగలడం మొదలవుతుంది. అప్పుడు వాచీ ఒక్కసారిగా నిమిషాల లెక్కన ముందుకు పరుగెత్తుతుంది, గీత పిచ్చిగీతలైపోతుంది. అవసరాన్ని మించిన బలమైన మెయిన్ స్ప్రింగు వేసిన వాచీల్లో ఇది చూస్తాం. ఏ దెబ్బా లేకుండా రేటు +200, +300 అని కనిపిస్తే మాత్రం ముందు అయస్కాంతాన్ని అనుమానించండి. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే అలా అవుతుంది. దిక్సూచి పక్కన పెడితే ముల్లు ఊగుతుంది, అయస్కాంతం తీసే చిన్న పరికరంతో కొన్ని సెకన్లలో పోతుంది. మీ రెండు వాచీల్లో ఈ ఛాయలు లేవు.

ఇప్పుడు అడగాల్సినవి. పైలట్ ఆయనకు ఇలా రాయండి: పూర్తిగా కీ ఇచ్చి, ఒక గంట నడవనిచ్చి, డయల్ పైకి, డయల్ కిందికి, కీ పుల్ల కిందికి, మూడు భంగిమల్లోనూ ఒక్కో నిమిషం ఆగి, అంకెలు నిలకడకు వచ్చాక వీడియో తీసి పంపండి, తెర మీద లిఫ్ట్ యాంగిల్ కనిపించాలి. కీ ఇచ్చిన వెంటనే వద్దని చెప్పడానికి కారణం ఉంది. స్ప్రింగు నిండుగా బిగిసి ఉన్న తొలి నిమిషాల్లో అంకె కొంచెం ఉబ్బి కనిపిస్తుంది. వీడియోలో 250 వస్తే మొదటి ఫోటో కీ సరిగా ఇవ్వక తీసిందే. అప్పుడు పైలట్ మళ్లీ పోటీలోకి వస్తుంది. 194 దగ్గరే నిలిస్తే, లేదా 'ఫోటో పంపాం కదా' అని కసురుకుంటే, మీ జవాబు మీకు దొరికినట్టే. ఒకవేళ పైలట్ డయల్ మీద మనసు పడి అదే కావాలనుకుంటే, మీ ఊళ్లో నమ్మకమైన మెకానిక్‌ను పూర్తి సర్వీసుకూ కొత్త మెయిన్ స్ప్రింగుకూ ఎంతవుతుందో అడిగి, ఆ మొత్తం 4,800 నుంచి తగ్గించి బేరమాడండి.

జనతా ఆయనను ఒక్కటి అడగండి: పూర్తిగా కీ ఇచ్చి, ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్లీ CH, 9H కొలిచి పంపగలరా అని. ఈ కాగితాల్లో ఎక్కువగా కనిపించకుండా పోయేది ఇదే. స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు ఏ వాచీ అయినా చురుగ్గా ఉంటుంది. ఒక రోజు గడిచాక డయల్ పైకి 220 పైన, నిలబెట్టి 200 చుట్టుపక్కల ఉంటే మెయిన్ స్ప్రింగు బాగున్నట్టు. రేటు కూడా మొదటి రోజు అంకెకు ఓ పది పదిహేను సెకన్ల లోపే ఉండాలి. యాంప్లిట్యూడ్ 170కి పడిపోతే స్ప్రింగు మార్చాలి. అది పెద్ద ఖర్చు కాదు, కానీ ధరలో ముందే తేలాలి.

టైమ్‌గ్రాఫర్ వినగలిగింది ఎస్కేప్ వీల్, ఫోర్క్, బ్యాలెన్స్ చేసే చప్పుడే కాబట్టి మిగతాది మీ కళ్లే చూడాలి. పాత హెచ్‌ఎంటీల్లో కొత్తగా రంగు వేసిన డయళ్లు, ఒక మోడల్ డయల్ ఇంకో మోడల్ కేసులో పెట్టినవి మార్కెట్‌లో కోకొల్లలు. పైలట్‌లకు గిరాకీ ఎక్కువ కాబట్టి ఈ బెడద వాటికే ఎక్కువ. అంకెల అంచులు మందంగా అలికినట్టున్నాయా, 'హెచ్‌ఎంటీ' అక్షరాలు వంకరగా ఉన్నాయా చూడండి. వెనక మూత తీసిన ఫోటో రెండింటికీ అడగండి. మెషీన్ మీద 0231 చెక్కి ఉండాలి, స్క్రూల గాడులు చితికి ఉండకూడదు, ఎక్కడా తుప్పు మచ్చ కనబడకూడదు. కీ పుల్లను బయటికి లాగి ముళ్లను ఒక చుట్టు తిప్పి, జారకుండా కదులుతున్నాయో లేదో చూడండి. అంకెలు ఎంత బాగున్నా మూత కింద తుప్పు కనిపిస్తే జనతానూ వదిలేయండి. తుప్పు పట్టని ఇంకో జనతా, అదే ధరకు, కొన్నాళ్లు ఓపిక పడితే దొరుకుతుంది.